బొటనవేలు చూపించారు సరే, రంగులు ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: నాది గుంటూరు. ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేస్తుంటాను. మంగళగిరిలో చేనేత చీరల షాపున్న ఒకాయన మా నాన్నగారి స్నేహితుడు. చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. వాళ్ల ఆన్‌లైన్ షాపు పాతబడిపోతే కొత్తగా చేసే పని నాకిచ్చారు. 45 వేలకు మాట్లాడుకున్నాం, 27 వేలు ఇచ్చారు, మిగతా 18 వేలు లైవ్ అయ్యాక. పని అంతా అయిపోయింది, రంగులొక్కటే తేలలేదు. మూడు వారాల క్రితం వాట్సాప్‌లో ఇలా పంపాను: "హాయ్ బాబాయ్, కొత్త కలర్ స్కీమ్ రెడీ. ప్రైమరీ #1A1A1A, యాక్సెంట్ #F4B400, బ్యాక్‌గ్రౌండ్ #F5F5F5. క్లీన్‌గా, ప్రీమియంగా ఉంటుంది. ఇంకో రెండు ఆప్షన్లు కూడా పెట్టాను. ఎలా ఉన్నాయో చూసి, మార్పులేమైనా ఉంటే చెప్పండి." కింద తొమ్మిది స్క్రీన్‌షాట్లు పెట్టాను (మీకూ జతచేశాను). ఆయన బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నారు. తర్వాత పిన్ని "పెళ్లి చీరల షాపుకి నలుపేంటి?" అన్నారట. అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి నీలం పెట్టమన్నాడట. చివరికి బాబాయ్ "మన బోర్డులాగా ఎరుపు, పసుపు పెట్టు, పేజీ అంతా పసుపు ఉండాలి" అన్నారు. అది చూడటానికి బాగోదని చెబితే "చూద్దాంలేరా" అని ఫోన్ పెట్టేశారు. బొటనవేలు పెట్టారు కదా, లైవ్ చేసెయ్ అంటున్నారు ఫ్రెండ్స్. నాన్నతో చెప్పించడం ఇష్టం లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఏమని మెసేజ్ పెట్టాలి?

జవాబు: ముందు మీ ఫ్రెండ్స్ సలహా సంగతి తేల్చేద్దాం. లైవ్ చేయకండి.

బొటనవేలి గుర్తుకి విలువ లేదని కాదు. 2023లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక కోర్టు ఆ గుర్తునే ఒప్పందానికి అంగీకారంగా లెక్కగట్టింది. అవిసె గింజలు కొనే సంస్థ ఒప్పందం కాగితాన్ని ఫొటో తీసి రైతుకి పంపింది, ఆయన బొటనవేలు పెట్టాడు, గింజలు మాత్రం ఇవ్వలేదు. దాదాపు 82 వేల కెనడా డాలర్లు కట్టాల్సి వచ్చింది. అయితే అక్కడ ఒక సంగతి ఉంది. అంతకు ముందు కూడా ఆ ఇద్దరి మధ్య ఒప్పందాలు ఫోన్‌లో "ఓకే" లాంటి ఒక్క ముక్కతోనే ఖరారయ్యేవి, సరుకు కూడా వచ్చేది. అంటే ఆ గుర్తుకి వాళ్ల మధ్య ఒక అర్థం స్థిరపడి ఉంది. మీ బాబాయ్ ఆ గుర్తు ఎప్పుడెప్పుడు పెడతారో మీకే తెలుసు. పండగ శుభాకాంక్షలకి, ఎవరి పిల్లాడికో ర్యాంకు వచ్చిందన్న కబురుకి, మీ తొమ్మిది స్క్రీన్‌షాట్లకి, అన్నిటికీ అదే అయితే దాని అర్థం "అందింది" అని మాత్రమే. పైగా ఆ తర్వాత నలుపు వద్దని వాళ్లింట్లోంచి మాట వచ్చింది, పసుపు కావాలని ఆయనే అన్నారు. అన్నీ విన్నాక లైవ్ చేస్తే ఆయన చేసే మొదటి ఫోన్ మీకు రాదు, మీ నాన్నగారికి వెళ్తుంది.

ఇక మీ మెసేజ్. అందులో మీరు ఆమోదం అడగనే లేదు. "ఎలా ఉన్నాయి" అని అభిప్రాయం అడిగారు. అభిప్రాయం అడిగితే ఇంట్లో అందరికీ ఒకటి ఉంటుంది, అందుకే పిన్నిగారిది, అమెరికా అబ్బాయిది కూడా వచ్చాయి. "మార్పులేమైనా ఉంటే" అన్నారు, కాబట్టి మార్పు చెప్పకపోతే తప్పేమో అన్నట్టు ఒకటి చెప్పారు. ఎప్పటిలోపు చెప్పాలో లేదు. చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో లేదు. #1A1A1A అంటే మీకు రంగు, ఆయనకి అదేదో కొరియర్ నంబరు.

స్క్రీన్‌షాట్లతో ఇంకో ఇబ్బంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మ కుదించుకుపోతుంది. ఆ కుదింపులో వెలుగునీడల కంటే రంగు వివరాలే ఎక్కువ పోతాయి, అందుకే ఎరుపు, మెరూన్ అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు వస్తాయి. ఆయన చూసింది మీరు చేసిన రంగుల్ని కాదన్నమాట. లింకు పంపండి. పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా తెరుచుకోవాలి, లేకపోతే ఆయన అక్కడే ఆగిపోతారు. గూగుల్‌లో కనబడకుండా ఆ ప్రివ్యూ పేజీల్లో ఈ ఒక్క లైను ఉంచండి:

```html
<meta name="robots" content="noindex">
```

ఇప్పుడు అసలు రంగుల దగ్గరికి వద్దాం. మీ ఇద్దరి మధ్య నలుగుతున్నది ఒక్క ప్రశ్న అనుకుంటున్నారు మీరు. నాకు రెండు కనిపిస్తున్నాయి. షాపు ముఖం ఏ రంగులో ఉండాలి అన్నది ఒకటి. అది పూర్తిగా ఆయన ఇష్టం. ఆ రంగుల్లో అక్షరాలు చదవగలిగేలా, చీర చీరలా కనిపించేలా చూడటం రెండోది. అది మీ పని, ఆయన్ని అడగాల్సిన పనే లేదు. మీరు రెండూ కలిపి అడిగారు, ఆయన కూడా రెండూ కలిపి జవాబిచ్చారు.

మొదటి దాంట్లో నలుపు విషయంలో పిన్నిగారి మాటే సరైనది. పెళ్లిబట్టలు కొనడానికి వచ్చే ఇల్లాలు మొదట చూసేది నల్ల పట్టీ అయితే అది మీకు ప్రీమియం, ఆమెకి అశుభం. దీనిమీద వాదించకండి. మెరూన్‌కి వెళ్లండి. ముదురు మెరూన్ మీద తెల్ల అక్షరాలు నలుపు మీద ఉన్నంత హాయిగా చదవొచ్చు, పైగా కుంకుమ రంగుకి దగ్గర. ఆయన బోర్డులోని ఎరుపుకి పెద్దన్నలా కూడా ఉంటుంది.

రెండో దాంట్లో తప్పు మీ వైపు కూడా ఉంది. మీ స్క్రీన్‌షాట్లలో పసుపు బటన్ మీద "కార్ట్‌లో వేయండి" అని తెల్ల అక్షరాలు ఉన్నాయి. దాన్ని లెక్క కట్టాను. రెండు రంగుల వెలుగులో తేడాని కొలిచే కాంట్రాస్ట్ రేషియో ఒకటి ఉంటుంది, 1 నుంచి 21 దాకా. రెండూ ఒకే రంగైతే 1, తెలుపు మీద నలుపుకి 21. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3 చాలు. మీ #F4B400 పసుపు మీద తెలుపుకి వచ్చేది సుమారు 1.8. మధ్యాహ్నం బస్టాండులో నిలబడి ఫోన్ చూస్తున్న మనిషికి ఆ బటన్ ఖాళీ పసుపు ముక్కలా కనిపిస్తుంది. ఇది మీ ల్యాప్‌టాప్‌లో తెలియదు, ఎందుకంటే అక్కడ ఏం రాసి ఉందో మీకు ముందే తెలుసు.

బాబాయ్ కోరిన ఎరుపు, పసుపు కూడా ఉన్నవి ఉన్నట్టు పెడితే కుదరదు. బోర్డు ఎరుపుని #D32F2F అనుకుందాం. ఆ పసుపు మీద ఈ ఎరుపుకి వచ్చేది 2.7. బోర్డు మీద అక్షరాలు అడుగు ఎత్తున ఉంటాయి కాబట్టి రోడ్డు అవతలి నుంచీ కనిపిస్తాయి. ఫోన్‌లో ధర అక్షరాలు ఉండేది 14 పిక్సెల్స్. అదే పసుపు మీద #7B1E3A లాంటి మెరూన్ పెట్టండి, 5.4 వస్తుంది. ఆ మెరూన్ మీద తెలుపుకి 10. ఆ ఎరుపు మీదే తెలుపు పెట్టినా 5 దాకా వస్తుంది. అంటే ఆయన రంగులు రెండూ ఉండొచ్చు. ఏ రంగు మీద ఏ రంగు అక్షరం అన్నది మీరు సర్దితే చాలు. ఈ లెక్కలు మీరే సరిచూసుకోండి: క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి, అక్షరాల రంగు పక్కనున్న చిన్న గడి నొక్కితే రేషియో చూపిస్తుంది. ఆయనకి మాత్రం ఈ అంకెలు చెప్పకండి. బటన్‌ని రెండు రకాలుగా పెట్టి, ఫోన్‌ని ఎండలోకి తీసుకెళ్లి చూడమనండి.

పేజీ అంతా పసుపు అన్నది ఒక్కటే నిజంగా అడ్డుకోవాల్సిన విషయం. మీరు "బాగోదు" అన్నారు కాబట్టి అది మీ అభిరుచికీ ఆయన అభిరుచికీ మధ్య గొడవైంది. పాతికేళ్లుగా చీరలు అమ్ముతున్న మనిషి తన అభిరుచిని మీ మాటకి వదులుకోరు, వదులుకోనక్కర్లేదు కూడా. కానీ ఈ విషయం ఆయనకి మీకంటే బాగా తెలుసు. షాపులో చీరలు పరిచి చూపించే పరుపు మీద ఏ గుడ్డ వేస్తారు? తెల్ల దుప్పటి. రంగు మీద అనుమానం వస్తే కస్టమర్ని ఎక్కడికి తీసుకెళ్తారు? గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి. పక్కనున్న రంగు చీర రంగుని మార్చేస్తుందని ఆయన చేతులకి తెలుసు. పసుపు పేజీ మీద పెడితే పసుపు చీర వెలిసినట్టు కనిపిస్తుంది, తెల్ల చీర కొంచెం నీలంగా, ఆకుపచ్చది ఇంకాస్త నీలం వైపు జరిగినట్టు కనిపిస్తుంది. ఫొటో మారలేదు, కంటికి అలా తోస్తుంది అంతే. ఆ తేడా వెనక్కొచ్చే పార్సిల్ రూపంలో తేలుతుంది: "ఫొటోలో ఉన్న రంగు కాదండీ." రెండు వైపులా కొరియర్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకి చెప్పాల్సిన పని లేదు.

నేనిలా ఒకసారి దెబ్బతిన్నాను. నేను చేసిన మొదటి బట్టల షాపు సైటుకి యజమాని అడిగారని లేత గులాబీ బ్యాక్‌గ్రౌండ్ వేసేశాను. ఎందుకు వద్దో అప్పుడు నాకూ తెలియదు. రంగు వేరుగా ఉందన్న ఫిర్యాదులు మొదలయ్యాక ఫొటోగ్రాఫర్‌ని మార్చారు, లైట్లు మార్చారు. నెల తర్వాత ఎవరో ఫొటోని విడిగా తెరిచి చూసి, ఇది సరిగ్గానే ఉందే అన్నారు. అప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టాం.

అందుకే లింకులో చివరన ఒక చిన్న పేజీ అదనంగా చేయండి. వాళ్ల షాపు చీరల్లోంచే మూడు తీసుకోండి: పసుపుది, తెల్లది, ఆకుపచ్చది. ఒక్కో ఫొటోని పసుపు మీద, తెలుపు మీద పక్కపక్కన పెట్టండి. మీరు ఏమీ రాయకండి. ఆయన ఆ చీరని గోడౌన్‌లోంచి తెప్పించి పక్కన పెట్టుకుని చూస్తారు.

మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం. మీ ఇద్దరి మాటతీరుకి తగ్గట్టు మార్చుకోండి:

"నమస్తే బాబాయ్. కొత్త సైట్ రంగులు ఈ లింకులో పెట్టాను, మీ ఫోన్‌లో తెరిచి చూడండి. పిన్ని చెప్పినట్టు నలుపు తీసేశాను. పైన పట్టీ, షాపు పేరు మెరూన్. బటన్లన్నీ మన బోర్డు పసుపు, వాటి మీద మెరూన్ అక్షరాలు. చీర ఫొటోల వెనక మాత్రం తెలుపు ఉంచాను, షాపులో పరుపు మీద దుప్పటి వేసినట్టు. పసుపు వేస్తే చీర రంగు మారినట్టు కనిపిస్తోంది, చివరి పేజీలో రెండూ పక్కపక్కన ఉన్నాయి, చూడండి. ఈ రంగులతో శ్రావణంలో మొదటి శుక్రవారం సైట్ తెరవమంటారా? సరేనంటే 'తెరువు' అని రాయండి చాలు. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో ఆ ముందు ఆదివారం లోపు చెప్పండి, శుక్రవారానికి మార్చేస్తాను. మీరు చెప్పేదాకా పాత సైటే నడుస్తుంది."

శ్రావణం ఎందుకు పెట్టానంటారా? మీ ఉత్తరం ఆషాఢంలో వచ్చింది. ఆషాఢంలో కొత్తది ఏదీ మొదలుపెట్టని ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. వ్యాపారస్తుల ఇళ్లలో ఇంకా ఎక్కువ. "చూద్దాంలేరా" అన్నదాంట్లో సగం అదే అయ్యుండొచ్చు. మీతో చెబితే ఈ కాలం కుర్రాడివి, నవ్వుతావనుకుని ఉంటారు. మంచిరోజు మీరే ఎత్తితే ఆయనకి ఆ మాట దాచుకునే అవసరం పోతుంది. రెండో శుక్రవారం దాకా మాత్రం జరగనివ్వకండి. వరలక్ష్మీ వ్రతం సాధారణంగా అప్పుడే వస్తుంది, ఆ వారం చీరల షాపు ఆర్డర్లతో ఊపిరాడకుండా ఉంటుంది. అలవాటైన కస్టమర్లు ఆ హడావిడిలో కొత్త రంగులు చూసి ఇది వేరే సైటేమో అని వెనక్కి వెళ్లిపోతారు. మొదటి శుక్రవారం దాటిపోతే వ్రతం అయ్యేదాకా ఆగడమే మేలు.

మెసేజ్ కంటే మంచి దారి ఒకటుంది, మీకు గంట ప్రయాణం అంతే. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య, కౌంటర్ ఖాళీగా ఉండే వేళ వెళ్లి పక్కన కూర్చోండి. మీ ఫోన్‌లో చూపించకండి, ఆయన ఫోన్‌లోనే తెరవండి. చాలామంది పెద్దవాళ్ల ఫోన్లలో కళ్లకు హాయిగా ఉండే సెట్టింగ్ పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంటుంది. దాంతో తెలుపంతా పసుప్పచ్చగా కనిపిస్తుంది, మెరూన్ గోధుమరంగవుతుంది. కొన్ని బ్రౌజర్లు డార్క్ మోడ్‌లో తెల్ల పేజీని బలవంతంగా నల్లగా మార్చేస్తాయి కూడా. అప్పుడు మీరు నలుపు తీసేసినా పిన్నిగారి ఫోన్‌లో నలుపే ఉంటుంది, మీరు మాట వినలేదని ఆమె అనుకుంటారు. ఈ రెండూ ఆఫ్ చేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి చూపించండి. ఎదురుగా కూర్చుంటే వచ్చే నష్టం ఒకటే. అక్కడికక్కడే "ఇది కొంచెం లేతగా, అది కొంచెం ముదురుగా" అని పదిసార్లు మార్పిస్తారు. ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి వెళ్లండి. వినండి, రాసుకోండి, ఇంటికొచ్చి ఒకేసారి మార్చండి.

అన్నీ చూశాక కూడా పేజీ అంతా పసుపే కావాలంటే? సైట్ ఆయనది. చేయండి, కానీ ఆ పసుపుని #FFF8E1 లాంటి లేత మీగడ రంగుకి దించుదామని అడగండి. అప్పుడు ఫొటోల మీద ప్రభావం బాగా తగ్గుతుంది, తెలుపంత శుభ్రంగా మాత్రం ఉండదు. ముదురు పసుపే అన్నారనుకోండి, ఒక్కో ఫొటో చుట్టూ వెడల్పుగా తెల్ల అంచు వదిలి పెట్టండి, రంగు తేడా ఫిర్యాదులు రావొచ్చని ఒక్క లైను మెసేజ్‌లో రాసి ఉంచండి. దెప్పడానికి కాదు, రెండు నెలల తర్వాత ఫొటోగ్రాఫర్‌ని తిట్టకుండా ఉండటానికి. రంగుల్ని కోడ్‌లో ఒక్కచోటే పెట్టుకుంటే ఏ మార్పైనా రెండు నిమిషాల పని:

```css
:root {
  --brand: #7B1E3A;
  --button-bg: #F4B400;
  --button-text: #7B1E3A;
  --page-bg: #FFFFFF;
}
```

అమెరికా అబ్బాయి నీలం గురించి నేను పెద్దగా ఆలోచించను. అతనికి లింకు పంపాలా వద్దా అన్నది బాబాయ్ చూసుకుంటారు. మీరు నేరుగా అతనితో మాట్లాడటం మొదలుపెడితే ఆమోదించేవాళ్లు ఇద్దరవుతారు, ఈ పని దీపావళికి కూడా తెమలదు.

డబ్బు సంగతి రంగుల మెసేజ్‌లో కలపకండి. కలిపితే ఆయనకి రంగుల ప్రశ్న వసూలు ప్రశ్నలా వినిపిస్తుంది. అయితే రంగులు తేలేదాకా 18 వేలూ ఆగాలన్నది కూడా న్యాయం కాదు, పని పూర్తయిందని మీరే అంటున్నారు. కలిసినప్పుడు, మాటలన్నీ అయ్యాక, లేవబోతూ "బాబాయ్, పని అయిపోయింది కదా, పదివేలు ఇప్పుడిచ్చి మిగతాది తెరిచాక ఇవ్వండి" అని అడగొచ్చు. ఇస్తే మంచిది. "తెరిచాకే" అంటే అది మీరు ముందు ఒప్పుకున్న మాటే, నొచ్చుకోవడానికి ఏమీ లేదు. వచ్చేసారి ఎవరితోనైనా మాట్లాడుకునేటప్పుడు ఆఖరి వాయిదాని లైవ్‌కి కాకుండా ప్రివ్యూ లింకు ఇచ్చిన రోజుకి కట్టండి. నాన్నగారిని తీసుకురాకూడదన్న మీ ఆలోచన సరైనదే. ఆయన నోట వస్తే 45 వేల పని కాస్తా స్నేహాల లెక్క అవుతుంది.

"తెరువు" అని జవాబొచ్చిన రోజు, అదే చాట్‌లో "మెరూన్, పసుపు, తెలుపు రంగులతో శుక్రవారం తెరుస్తున్నాను బాబాయ్" అని ఒక్క లైను పంపండి. తెరిచిన రోజు ఆయన ఫోన్‌లో ఇంకా పాత రంగులే కనిపించే అవకాశం ఎక్కువ, బ్రౌజర్ పాత ఫైలు దాచుకుని ఉంటుంది. స్టైల్ ఫైలు పేరు చివర `?v=2` తగిలించి పెట్టండి, కొత్తది తెచ్చుకుంటుంది. ఇందాక ప్రివ్యూకి పెట్టమన్న noindex లైను లైవ్ సైట్‌లోంచి తీసేశారో లేదో మర్చిపోకుండా చూసుకోండి. అది ఉండిపోతే గూగుల్‌లో షాపు పేరు కొట్టినా సైట్ దొరకదు, శ్రావణం అంతా ఆ లైను వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది.